నిద్ర దశల ‘జతపరచుము’ బిట్లు: చాన్నాళ్లు వాడాక తేలింది

ఒకవైపు మెదడు తరంగాల పేర్లు: బీటా, ఆల్ఫా, థీటా, డెల్టా. ఇంకోవైపు చురుకైన మెలకువ, కళ్లు మూసుకున్న విశ్రాంతి, కునుకు, గాఢ నిద్ర. గీతలు కలిపేస్తే నాలుగు మార్కులు. ఇలాంటి బిట్లను చాలాకాలంగా వాడుతున్నాను, ఇతరుల చేత చేయిస్తున్నాను కూడా. మొదటి వారానికి ఇవి బాగా పనికొస్తాయి. ఆ తర్వాత అవే అడ్డంకి అవుతాయి.

నేర్పేది మాత్రం సరిగ్గానే నేర్పుతాయి. 13 హెర్ట్జ్ పైన బీటా, 8 నుంచి 13 దాకా ఆల్ఫా, 4 నుంచి 8 దాకా థీటా, 4 కంటే తక్కువైతే డెల్టా. ఈ హద్దులు రెండు రోజుల్లో నోటికి వచ్చేస్తాయి. ఆల్ఫా తల వెనుక భాగంలో బాగా కనిపిస్తుందనీ, కళ్లు తెరిస్తే తగ్గిపోతుందనీ చెప్పే బిట్లున్న సెట్ దొరికితే ఇంకా మంచిది.

చిక్కంతా ‘ఒక తరంగం, ఒక స్థితి’ అన్న లెక్కతోనే. దీని దెబ్బ మొదట కనబడేది స్పిండిల్ దగ్గర. కునుకు తర్వాత వచ్చే ఎన్2 దశకు గుర్తయిన నిద్ర స్పిండిల్ 11 నుంచి 16 హెర్ట్జ్ మధ్య, కనీసం అర సెకను సాగే చిన్న తరంగాల గుచ్ఛం. పట్టిక ప్రకారం చూస్తే అది సగం ఆల్ఫాలో, సగం బీటాలో పడుతుంది. జతపరచడం బట్టీ పట్టినవాళ్లు 14 హెర్ట్జ్ చూడగానే ‘మెలకువ’ అని రాసేస్తారు. తప్పు వాళ్లది కాదు, ప్రశ్న నేర్పిన అలవాటుది. స్పిండిల్ మెల్లగా లేచి, ఉబ్బి, సన్నబడి ఆగిపోతుంది. బీటా అలా ముద్దగా రాదు. గుర్తుపట్టాల్సింది ఆ ఆకారాన్ని.

ఇంతకంటే పెద్ద గొయ్యి కళ్లు వేగంగా కదిలే రెమ్ నిద్ర. ఒక నమూనా బిట్ చూడండి, ఇందులో ఇపాక్ అంటే ఒకేసారి చూసి దశ తేల్చే రికార్డు ముక్క, కె-కాంప్లెక్స్ అంటే ఎన్2లో కనిపించే ఒంటరి పెద్ద తరంగం: ‘30 సెకన్ల ఇపాక్. తక్కువ ఎత్తున్న మిశ్రమ తరంగాలు, ఎక్కువగా 4–7 హెర్ట్జ్. స్పిండిల్ లేదు, కె-కాంప్లెక్స్ లేదు. గడ్డం కండరం దాదాపు చప్పబడింది. కళ్లు ఉండుండి చురుగ్గా కదులుతున్నాయి. సమయం తెల్లవారుజామున నాలుగున్నర.’ పౌనఃపున్యం ఒక్కటే చూస్తే కునుకు దశ అయిన ఎన్1 అంటాం. కానీ ఎన్1లో కళ్లు తరచూ మెల్లగా దొర్లుతాయి, గడ్డం కండరంలో ఎంతో కొంత బిగువు ఉంటుంది. ఇక్కడ కండరం సడలింది, కళ్లు పరుగెడుతున్నాయి కాబట్టి జవాబు రెమ్. రంపపు పళ్లలాంటి 2–6 హెర్ట్జ్ తరంగాలు కూడా కనిపిస్తే అనుమానం ఇంకా తగ్గుతుంది. సమయం తోడు సాక్ష్యమే తప్ప రుజువు కాదు. మెదడు తరంగాలు చూపే ఇఇజి తీగ ఒక్కటే ఇచ్చి ‘ఇది ఎన్1నా, రెమ్‌నా’ అని అడిగే సెట్‌ను పక్కన పెట్టేయండి. నిజంగా స్కోర్ చేసేవాళ్లు కూడా కన్ను, గడ్డం చానెళ్లు లేకుండా ఆ తేడాను నమ్మకంగా చెప్పరు.

గాఢ నిద్ర దశ అయిన ఎన్3 దగ్గర మంచి సెట్‌కూ నాసిరకానికీ తేడా ఒక్క ప్రశ్నలో తెలిసిపోతుంది. ‘డెల్టా కనిపిస్తే గాఢ నిద్ర’ అని ఉంటే నాసిరకం. 0.5 నుంచి 2 హెర్ట్జ్ మధ్య, నుదుటి వైపు కొలిస్తే 75 మైక్రోవోల్టులకు పైబడిన నెమ్మది తరంగాలు ఇపాక్‌లో 20 శాతం, అంటే 6 సెకన్లు ఉంటేనే ఎన్3. రెండు సెకన్లు ఒకచోట, మూడు ఒకచోట, మరో రెండు ఇంకోచోట ఉంటే మొత్తం ఏడు, సరిపోయింది. అదే తరంగాలు 60 మైక్రోవోల్టుల దగ్గరే ఆగితే ఒక్క సెకను కూడా లెక్కలోకి రాదు. పాత సెట్లలో నాలుగో దశ కూడా కనిపిస్తుంది. 2007 నుంచి అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ నియమాల్లో మూడు, నాలుగు దశలు కలిసి ఎన్3 అయ్యాయి. మీ సిలబస్ ఏది వాడుతుందో ముందే చూసుకోండి.

రాత్రి గమనం మీద ప్రశ్నలు చాలా సెట్లలో బలహీనం. ఒకే మెట్ల బొమ్మను నాలుగైదుసార్లు అతికించి, 90 నిమిషాల చక్రం అంటూ వదిలేస్తారు. పెద్దవాళ్ల రాత్రి అలా సమంగా సాగదు. గాఢ నిద్రలో ఎక్కువ భాగం మొదటి మూడో వంతులోనే అయిపోతుంది. మొదటి రెమ్ కొద్ది నిమిషాలే ఉంటుంది, చివరికొచ్చేసరికి అరగంట దాకా సాగొచ్చు. మొత్తంగా ఎక్కువ వాటా ఎన్2దే, సుమారు సగం. ఈ విషయంలో చాలామంది తప్పు చేస్తారు, ఎందుకంటే బొమ్మల్లో కళ్లు లోతైన మెట్ల మీదికే పోతాయి.

నేను ఈ బిట్లను ఇప్పుడు వాడే పద్ధతి వేరు. పౌనఃపున్యం గడిని చేత్తో మూసేసి, ముందు గడ్డం, తర్వాత కళ్లు, ఆపైన స్పిండిల్ లేదా కె-కాంప్లెక్స్, చివరన నెమ్మది తరంగాల సెకన్లు అడిగి, ఆ తర్వాతే హెర్ట్జ్ చూడనిస్తాను. బిట్‌లో ఆ వివరాలు లేకపోతే పక్కన పెన్సిల్‌తో రాసుకుంటాను. రాయడానికి చోటు లేని డిజిటల్ సెట్లు నాకు ఇక్కడే అక్కరకు రాలేదు.