ఆన్‌లైన్ క్లాసులకు వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ కొనేవారికి హెచ్చరిక: పెట్టె మీద రాసిన గంటలు పాటలకు వర్తిస్తాయి, మాటలకు కాదు

పెట్టె మీద 40 గంటల బ్యాటరీ అని ఉండడం చూసి మా అమ్మాయి క్లాసుల కోసం కొన్న ఇయర్‌బడ్స్, ఉదయం 9 గంటలకు చెవిలో పెట్టుకుంటే మధ్యాహ్నం ఒంటిగంటకే ఆగిపోతున్నాయి. వస్తువులో లోపం లేదంటూ దుకాణంవారు వాపసు తీసుకోలేదు. వారన్నది అబద్ధం కాదు, కొనేవారు చిక్కుకునేది కూడా అక్కడే.

ఆ 40 గంటలలో బడ్స్‌లో ఉండేది 8 గంటలే, మిగిలినదంతా ఛార్జింగ్ కేస్‌లో ఉంటుంది. ఆ 8 గంటలు కూడా మైక్ వాడకుండా, మధ్యస్థమైన శబ్దంతో పాటలు విన్నప్పటి లెక్క. కాల్‌లో బడ్స్ మన గొంతును పట్టి, చుట్టుపక్కల రొదను వడగట్టి తిరిగి పంపవలసి ఉంటుంది కనుక మాకు అందులో సగమే వస్తోంది. కాల్ సమయం ఎంతో పెట్టె మీద విడిగా రాసి లేకపోతే, సగమే వస్తుందనుకుని కొనడం మంచిది.

శబ్దం చెవికి చేరడంలో అయ్యే ఆలస్యం విషయంలోనూ ఇదే తీరు. పెద్ద అక్షరాలతో వేసే 40 మిల్లీసెకన్ల అంకె సాధారణంగా గేమ్ మోడ్‌కు చెప్పేది. రికార్డు చేసిన వీడియోలో యాప్ బొమ్మను కొంత ఆపి శబ్దంతో కలుపుతుంది కాబట్టి తేడా తెలియదు; ప్రత్యక్ష క్లాసులో మాత్రం ఇంటర్నెట్ ఆలస్యానికి బ్లూటూత్ ఆలస్యం తోడై, పిల్లలు జవాబు మొదలుపెట్టేసరికి టీచర్ తరువాతి మాటలోకి వెళ్లిపోతారు. పైగా మైక్ తెరుచుకోగానే బ్లూటూత్ పాటల పద్ధతి వదిలి కాల్ పద్ధతిలోకి మారుతుంది, గొంతు పాత టెలిఫోన్‌లోలా పలచబడుతుంది. వాపసు గడువు ముగియకముందే పరీక్షించండి: ల్యాప్‌టాప్‌లో ఒక పాట పెట్టి, అది నడుస్తుండగానే మీటింగ్‌లో చేరి బడ్స్ మైక్ ఆన్ చేస్తే ఆ మార్పు వెంటనే వినిపిస్తుంది.

వైరు ఇయర్‌ఫోన్లకు ఛార్జింగ్ అక్కరలేదు, వాటివల్ల చేరే ఆలస్యం చెవికి తెలియనంత తక్కువ. అయితే వైరు మీది మైక్ కాలరుకు రాసుకుంటే ఆ గరగర అవతలివారికి వినిపిస్తుంది కాబట్టి దాన్ని క్లిప్పుతో చొక్కాకు బిగించాలి. జాక్ లేని ఫోన్ అయితే టైప్-సి రకం కొనాలి. రబ్బరు బుడిపె చెవిని పూర్తిగా మూసే రకాలలో, వైరు ఉన్నా లేకున్నా, మన గొంతు మనకే తలలో మారుమోగుతుంది, గంటల తరబడి పెట్టుకుంటే లోపల చెమట పడుతుంది. క్లాసులకు చెవి అంచున నిలిచే రకమే నయం.

ఇప్పటికే వైర్‌లెస్ కొన్నవారు మీటింగ్ యాప్ సెట్టింగ్‌లలో స్పీకరుగా బడ్స్‌ను ఉంచి, మైక్‌గా ల్యాప్‌టాప్ సొంత మైక్‌ను ఎంచుకోండి. అప్పుడు బడ్స్ పాటల పద్ధతిలోనే ఉండి గొంతు నిండుగా వినిపిస్తుంది, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. ఫ్యాను శబ్దం మైక్‌లోకి రావడం, ఆలస్యం మిగిలిపోవడం మాత్రం దీనితో తీరవు.