ప్రెషర్ రెగ్యులేటర్‌తో ఆరేళ్ళు: మా ఫ్లాటులో నీటి ధార ఎందుకు తగ్గింది, ఎలా తెలిసింది

హైదరాబాద్‌లో పన్నెండు అంతస్తుల భవనంలో మాది రెండో అంతస్తు. 2019లో ఈ ఫ్లాటులోకి వచ్చిన కొత్తలోనే, కారుతున్న పాత రెగ్యులేటర్‌ను తీయించి, ఒక అంగుళం ఇత్తడి ప్రెషర్ రెగ్యులేటర్‌ను పెట్టించాను. పైపులో వచ్చే నీటి ఒత్తిడిని తగ్గించి నిలకడగా ఉంచే ఈ వాల్వును ప్లంబర్లు పీఆర్వీ అంటారు. ఈ ఆరేళ్ళలో అది మమ్మల్ని రెండుసార్లు ఇబ్బంది పెట్టింది, మరొకసారి తన తప్పేమీ లేకుండానే నింద మోసింది. ఈ సమీక్షలో వస్తువు గుణదోషాలతో పాటు, నీటి ధార తగ్గినప్పుడు తప్పు ఎక్కడుందో మేము ఎలా పట్టుకున్నామో కూడా రాస్తున్నాను, ఎందుకంటే రెండోది తెలియకపోతే మొదటిదాన్ని సరిగ్గా అంచనా వేయడం కుదరదు.

ముందుగా, రెండో అంతస్తుకు రెగ్యులేటర్ ఎందుకని అడిగేవారి కోసం ఒక చిన్న లెక్క. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి సుమారు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. మా వంటింటి కుళాయికీ మేడ మీది ట్యాంకులోని నీటి మట్టానికీ మధ్య దాదాపు 35 మీటర్ల ఎత్తు ఉంది కనుక, ఏ అడ్డూ లేకపోతే మాకు 3.4 బార్ దాకా వస్తుంది. ఆ ఒత్తిడికి సింకు కింది హోసు పైపులు, ఫ్లష్ ట్యాంకులోని ప్లాస్టిక్ వాల్వులు త్వరగా పాడవుతాయి. అందుకే పైపులు దిగే డక్టులో, మీటరు పక్కన, 2 బార్లకు సరిచేసిన రెగ్యులేటర్ ఉంటుంది. ఇదే భవనంలో పన్నెండో అంతస్తు వారికి ట్యాంకు నాలుగైదు మీటర్ల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి వారికి అర బార్ కూడా రాదు, పై రెండు అంతస్తులకూ విడిగా మోటారు పెట్టి నీరు తోస్తారు. ఒకే ట్యాంకు నీరు తాగేవాళ్ళమే అయినా మా కష్టం వారిది కాదు, వారి మందు మాకు పనికిరాదు. ఈ సంగతి నాకు కొంత ఆలస్యంగా అర్థమైంది.

నింద మోసిన కథ 2020 నాటిది. వంటింటి కుళాయిలో ధార రోజురోజుకూ సన్నబడుతోందని మా అమ్మ చెప్పింది. వచ్చిన ప్లంబర్ మరో ఆలోచన లేకుండా డక్టు తెరిచి, రెగ్యులేటర్ మీది స్క్రూను సవ్యదిశలో బిగించి, ఒత్తిడి పెంచానని చెప్పి వెళ్ళిపోయాడు. వంటింటి ధారలో పెద్ద మార్పు రాలేదు గానీ, మూడో రోజు నుంచి స్నానాలగదిలో ఫ్లష్ ట్యాంకు ఆగకుండా కారడం మొదలైంది. అప్పుడు తీరిగ్గా ఒక్కొక్క కుళాయీ తిప్పి చూస్తే, వంటింట్లో తప్ప మిగతా అన్నిచోట్లా నీరు బాగానే వస్తోంది. అసలు అడ్డు ఏరేటర్‌లో, అంటే ధారలో గాలి కలిపేందుకు కుళాయి మూతికి బిగించే జల్లెడ బిళ్ళలో ఉంది. గుడ్డ చుట్టి చేత్తో తిప్పితే ఊడివచ్చింది, లోపలి జల్లెడ నిండా బోరు నీటి ఉప్పు తెల్లగా గడ్డకట్టి, దాని వెనుక సన్నని ఇసుక రేణువులు ఇరుక్కుని ఉన్నాయి.

దానిని సూదితో పొడవకూడదు, ప్లాస్టిక్ జల్లెడ చిరిగిపోతుంది. గ్లాసు గోరువెచ్చని నీటిలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి గంటసేపు నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో రుద్దితే సరిపోయింది. లోపలి ముక్కలు ఏ వరుసలో ఉన్నాయో విప్పేముందు ఫోటో తీసుకోవడం మంచిది, నేను తీసుకోక రబ్బరు వాషరును తలకిందులుగా పెట్టి, మళ్ళీ విప్పవలసి వచ్చింది. మా నీటికి ఈ పని మూడు నెలలకు ఒకసారి తప్పడం లేదు. ఒక్క కుళాయిలోనే ధార తగ్గితే డక్టు వైపు చూడనవసరం లేదని ఆ రోజే నిర్ణయించుకున్నాను. చన్నీళ్ళు బాగా వచ్చి వేడినీళ్ళు మాత్రమే సన్నగా వస్తే అప్పుడు చూడవలసింది గీజరు లోపలికి నీరు వెళ్ళే చోటును, అక్కడి వాల్వులో కూడా ఇదే ఉప్పు పడుతుంది.

2022 వేసవిలో వచ్చింది అసలు పరీక్ష. ఒక ఆదివారం ట్యాంకులు కడిగించారు, సోమవారం ఉదయానికి ఫ్లాటు మొత్తం మీద అన్ని కుళాయిలూ నీరసించాయి. బయటి పంచలోని కుళాయికి ఏరేటర్ ఉండదు, అందువల్ల కొలతకు అదే అనువైనది. మామూలుగా దాని కింద 15 లీటర్ల బకెట్టు నిమిషం పైన కొన్ని సెకన్లలో నిండుతుంది. ఆ రోజు దాదాపు నాలుగు నిమిషాలు పట్టింది. ఎదురింటివారిని, పై అంతస్తువారిని అడిగితే వారికి నీరు ఎప్పటిలాగే ఉందన్నారు. అంటే ట్యాంకులో నీరుంది, మేడ మీది వాల్వు పూర్తిగా తెరిచే ఉంది, కిందికి దిగే పైపులో గాలి నిలవలేదు. సరఫరా తప్పు కాదని చెప్పడానికి ఇంతకంటే సులువైన సాక్ష్యం లేదు. ఒకవేళ అదే పైపు మీది ఇళ్ళన్నింటిలోనూ ధార తగ్గి ఉంటే మా రెగ్యులేటర్‌ను ముట్టుకోకుండా వాచ్‌మన్‌ను పైకి పంపేవాడిని, ఎందుకంటే ట్యాంకు కడిగిన తరువాత వాల్వును సగమే తెరిచి మరచిపోవడం మా దగ్గర ఒకటి రెండుసార్లు జరిగింది.

ఇక మిగిలింది రెగ్యులేటర్. కుళాయికి తిప్పి బిగించే ప్రెషర్ గేజి ఒకటి హార్డ్‌వేర్ దుకాణంలో కొని, పంచలోని వాషింగ్ మెషిన్ కుళాయికి తగిలించాను. అన్ని కుళాయిలూ కట్టేసి చూస్తే ముల్లు సరిగ్గా 2 బార్ల దగ్గర నిలబడింది. అది చూసి రెగ్యులేటర్ బాగుందని సంతోషించి ఉంటే మోసపోయేవాడిని. స్నానాలగదిలో ఒక కుళాయి పూర్తిగా తెరవగానే ముల్లు 2 నుంచి 0.4కు పడిపోయింది. నీరు కదలనప్పుడు ఎంత ఇరుకైన సందులోనుంచైనా ఒత్తిడి పూర్తిగా అవతలికి చేరుతుంది, ఆ సందు ఎంత ఇరుకో తెలియాలంటే నీరు పారుతుండగానే చూడాలి. ఆగి ఉన్నప్పటి అంకె బాగుండి, పారుతున్నప్పుడు కుప్పకూలితే, దారిలో ఏదో అడ్డుపడిందని అర్థం. ఆగి ఉన్నప్పుడే అంకె తక్కువగా ఉంటే అప్పుడు రెగ్యులేటర్ అమరికనో, సరఫరానో అనుమానించాలి.

నా రెగ్యులేటర్‌లో నాకు బాగా నచ్చిన విషయం ఇక్కడే పనికొచ్చింది. దీని కడుపులో ఒక స్టీలు జల్లెడ ఉంది, కింది మూతను విప్పితే అది బయటికి వస్తుంది, పైపు నుంచి మొత్తం వాల్వును కోయవలసిన పని లేదు. డక్టులోని మెయిన్ వాల్వు కట్టి, ఇంట్లో ఒక కుళాయి తెరిచి ఒత్తిడి వదిలేసి, మూత విప్పాను. జల్లెడ మీద బురద, తుప్పు పొరలు, ట్యాంకు లోపలి రంగు పెచ్చులు మందంగా పేరుకుని ఉన్నాయి. కడిగి బిగించాక కుళాయి తెరిచినా ముల్లు 1.6 దగ్గర నిలిచింది, బకెట్టు మళ్ళీ నిమిషం పైన కొన్ని సెకన్లలోనే నిండింది. మొత్తం పని అరగంట. అప్పటి నుంచి ట్యాంకులు కడిగిన మరుసటి రోజే జల్లెడ విప్పుతున్నాను.

ఆ వారంలోనే ఒక దుకాణదారు నాకు బూస్టర్ పంపు అమ్మబోయాడు. జల్లెడ పూడిపోయిన లైనుకు పంపు పెడితే అది అడ్డుకు అవతల నిలబడి ఊరికే లాగుతుందే తప్ప రాని నీటిని తేలేదు. పంపు నిజంగా అక్కరకు వచ్చే చోటు ఖమ్మంలోని మా బావగారి ఇల్లు. అక్కడ మెట్లగది మీది ట్యాంకుకూ పై అంతస్తు షవరుకూ మధ్య రెండున్నర మీటర్లే, అంటే పావు బార్. అక్కడ రెగ్యులేటరే లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. ఆయన పెట్టించిన పంపు, నీరు కదిలినప్పుడు దానంతట అదే తిరిగే రకం. ఒకసారి అది స్టార్ట్ కావడం మానేస్తే మెకానిక్‌ను పిలవబోయారు. తీరా చూస్తే షవరు రంధ్రాలు ఉప్పుతో మూసుకుపోయి, పంపులోని స్విచ్చిని కదిలించేటంత నీరు కూడా పారడం లేదు. షవరు తల నానబెట్టి కడిగేసరికి పంపు తిరిగింది.

రెగ్యులేటర్ నిజంగా పాడైంది నిరుడు. ఈసారి ధార తగ్గలేదు, పైగా పగలల్లా బాగానే ఉండేది. తెల్లవారుజామున మొదటి కుళాయి తిప్పగానే మాత్రం నీరు ఒక్కసారిగా చిమ్మి, క్షణంలో మామూలైపోయేది. రాత్రి పది గంటలకు గీజరు ఆపి, కుళాయిలన్నీ కట్టి చూస్తే గేజి 2 దగ్గర ఉంది, ఉదయం ఐదింటికి 3.2కు ఎక్కి ఉంది. గీజరు ఆపడానికి కారణం, నీరు వేడెక్కి వ్యాకోచించినా ముల్లు పైకి పోవచ్చు, అది రెగ్యులేటర్ తప్పు కాదు. మా విషయంలో వాల్వు మూసుకునే చోట రబ్బరు అరిగి, నీరు సన్నగా లోపలికి ఊరుతోంది. రాత్రంతా ఊరితే అవతలి ఒత్తిడి ఇవతలికీ వచ్చేస్తుంది. స్క్రూ ఎంత వదులు చేసినా ఇది ఆగదు, రబ్బరు భాగాలు మార్చవలసిందే.

నా ప్రధానమైన ఫిర్యాదు ఇక్కడే. కొన్నప్పుడు విడిభాగాలు దొరుకుతాయని చెప్పిన దుకాణంలో ఐదేళ్ళ తరువాత ఆ కిట్ లేదు, కొత్త మోడలుది సరిపడలేదు. పెట్టిన రోజున రెండు వైపులా యూనియన్లు, అంటే పైపు కోయకుండానే విప్పుకోగల జాయింట్లు, వేయించడానికి నేను ఇష్టపడలేదు, ఖర్చు అనుకున్నాను. దాంతో నిరుడు పైపు కోసి, రెండు జాయింట్లు కొత్తగా అతికించి, అదే రకం రెగ్యులేటర్‌ను మళ్ళీ పెట్టవలసి వచ్చింది. అదే రకమంటే విప్పి కడుక్కోగల జల్లెడ ఉన్నది, ఆ ఒక్క గుణం కోసమే. ఈసారి యూనియన్లతో పాటు రెగ్యులేటర్ తరువాత మూడు దారుల టీ జాయింటు ఒకటి వేయించి గేజిని శాశ్వతంగా బిగించాను, ఒక రబ్బరు కిట్ కూడా కొని, అది ఏ మోడలుదో దాని మీద రాసి, డక్టు తలుపు లోపలి వైపు తగిలించాను.