అరవై దాటాక గట్టి పరుగు: ఎత్తు మీద స్ప్రింట్లా, చదును మీద ఇంటర్వెల్సా?

అరవై దాటాక కూడా ఏళ్ల తరబడి పరిగెత్తాలంటే గట్టిగా పరిగెత్తే రోజు ఒకటి ఉండాల్సిందే. వయసుతో ఎక్కువగా సన్నబడేవి వేగాన్నిచ్చే కండరపు పోగులు, ఎప్పుడూ నెమ్మదిగానే పరిగెడుతుంటే వాటికి పనే పడదు. మరి ఆ రోజు చదును మీద, మధ్యలో ఆగుతూ మూడు నాలుగు నిమిషాల చొప్పున గట్టిగా పరిగెత్తే ఇంటర్వెల్స్ మేలా, ఎత్తెక్కుతూ చిన్న స్ప్రింట్లు మేలా?

మోకాళ్లు, పిక్కలు బాగున్నవాళ్లకి నా ఓటు ముందు ఎత్తుకే. చదును మీద వేగం పెంచితే అడుగు బారెడవుతుంది, తొడ వెనక కండరం బాగా సాగి ఉన్నప్పుడే బలంగా లాగాలి, పట్టేసేది అక్కడే. ఎత్తు మీద అడుగు దానంతటదే పొట్టిదవుతుంది, పాదం నేలకి తగిలే దెబ్బా తక్కువే. కాకపోతే ఆ భారం పిక్క మీదకీ, మడమ వెనక అకిలిస్ టెండన్ మీదకీ వెళ్తుంది. అక్కడ ఇప్పటికే నొప్పి ఉంటే ఎత్తు వద్దు, చదునే నయం.

ఇంకో పరిమితి ఉంది. ఎనిమిది సెకన్ల స్ప్రింట్ కాలికి బలమిస్తుంది కానీ ఊపిరి, గుండె సత్తాని పెద్దగా పెంచదు. దానికి మూడు నాలుగు నిమిషాల ఇంటర్వెల్స్ కావాలి. అందుకే ఒకసారి ఇది, తర్వాతిసారి అది.

64 ఏళ్ల మనిషి, వారానికి నాలుగు రోజులు తేలిగ్గా పరిగెడుతున్నారనుకోండి. ఇరవై నిమిషాల నెమ్మది పరుగు తర్వాత, వంద మీటర్లకి ఐదారు మీటర్లు లేచే దారిలో ఎనిమిది సెకన్ల చొప్పున రెండే రెండు, అదీ పూర్తి బలంతో కాదు, కాస్త మిగుల్చుకుని. దిగేటప్పుడు నడకే, దిగుడు పరుగు తొడ ముందు కండరాల్ని పిండేస్తుంది. రెండు నిమిషాలు ఆగి మళ్లీ. ప్రతి విడతకీ ఒకటి పెంచుతూ ఆరు దగ్గర ఆపితే చాలు. వాచీలో హార్ట్ రేట్ చూడకండి, ఎనిమిది సెకన్లలో అది పైకి వచ్చేలోపే స్ప్రింట్ అయిపోతుంది. ఇంటర్వెల్ రోజున మాత్రం పనికొస్తుంది: 208 లోంచి వయసులో 0.7 వంతు తీసేస్తే గరిష్ఠం ఈయనకి సుమారు 163, ఇంటర్వెల్ చివరికి 140 దాటితే సరిపోతుంది. ఇది సగటు లెక్క, బీపీ మందుల్లో బీటా బ్లాకర్ వాడేవాళ్లకి అసలు పనికిరాదు.

ఇక విశ్రాంతి. ఏడు రోజుల వారంలో రెండు గట్టి రోజులు, ఒక లాంగ్ రన్ ఇరికిస్తే మధ్యలో ఒక్కోసారి ఒకే రోజు మిగులుతుంది, ఈ వయసు కండరం అంత త్వరగా కోలుకోదు. తొమ్మిది రోజుల చక్రం మేలు: ఒకటో రోజు ఎత్తు, నాలుగో రోజు ఇంటర్వెల్స్, ఏడో రోజు లాంగ్ రన్, ప్రతిదాని తర్వాత ఒక పూర్తి విశ్రాంతి, ఒక తేలిక పరుగు. క్యాలెండర్‌తో పొసగదు, ఆదివారం గ్రూప్ రన్‌కి వెళ్లేవాళ్లకి చిరాకే. వాళ్లు ఏడు రోజుల్లోనే ఉండి గట్టి రోజు ఒకటే ఉంచుకోవాలి.

సరిపోయిందో లేదో పొద్దున మంచం దిగగానే తెలుస్తుంది. మడమ వెనక బిగుతు నాలుగడుగుల్లో పోతే ఫర్వాలేదు, పది నిమిషాలైనా వదలకపోతే ఆ రోజు గట్టి పరుగు నడకగా మార్చేయాలి. ఛాతీలో బరువు, కళ్లు తిరగడం లాంటివి ఉంటే అక్కడే ఆపి డాక్టర్‌ని చూడాలి, గుండె పరీక్ష అయ్యేదాకా స్ప్రింట్ల ఊసే వద్దు.