క్యూలో ఆడాలంటే బ్లూన్స్ టీడీ 6నా, కింగ్‌డమ్ రషా?

మొన్న కర్నూలులో ఓపీ చీటీ కోసం గంటన్నర నిలబడ్డాను. ఫోన్లో ఈ రెండు టవర్ డిఫెన్స్ గేములూ ఉన్నాయి, అంటే దారి వెంట వచ్చే శత్రువులను పక్కన టవర్లు పెట్టి ఆపే ఆటలు.

బ్లూన్స్ టీడీ 6లో శత్రువులు బెలూన్లు, వాటిని పగలగొట్టేవి మనం పెట్టే కోతులు, బాంబులు. ఈజీ మోడ్ అంటే 40 రౌండ్లు. ఒక్కో రౌండ్ అవ్వగానే ఆట సేవ్ అవుతుంది. ఆటో స్టార్ట్ ఆపేస్తే మనం నొక్కేదాకా తర్వాతి రౌండ్ మొదలు కాదు. లైన్ కదిలితే ఫోన్ జేబులో పెట్టేయొచ్చు.

ఆలోచన ఎక్కడుందంటే, 28వ రౌండ్లో సీసం బెలూన్లు వస్తాయి. డార్ట్ కోతుల మామూలు బాణాలు వాటిని ఏమీ చేయలేవు, బాంబు కావాలి. సరే అని డబ్బంతా బాంబులకే పోస్తే ఇంకో చిక్కు. సీసం పగిలితే లోపల్నుంచి రెండేసి నల్ల బెలూన్లు వస్తాయి, వాటికి పేలుడు తగలదు. అందుకే బాంబును దారి మొదట్లో, డార్ట్ కోతులను దాని తర్వాత పెట్టాలి. నేను తిరగేసి పెట్టి ప్రాణాలు పోగొట్టుకున్నాను.

కింగ్‌డమ్ రష్‌లో టవర్లు కట్టే చోట్లు ముందే ఖాయం. బ్యారక్స్ సైనికులు శత్రువులను ఆపి పట్టుకుంటే, వెనకనున్న ఫిరంగి గుంపు మీద దెబ్బ కొడుతుంది. తర్వాతి అలను ముందే పిలిస్తే అదనపు బంగారం వస్తుంది, ఆ ఆశే కొంప ముంచుతుంది కూడా. నాకు ఆటగా ఇదే ఎక్కువ ఇష్టం. కానీ స్టేజీ మధ్యలో సేవ్ ఉండదు, పాజ్ మాత్రమే. ఫోన్ యాప్‌ను మూసేస్తే మళ్లీ మొదటి నుంచే.

అందుకే లైన్లో బ్లూన్స్, బస్సులో సీటు దొరికితే కింగ్‌డమ్ రష్.