రెడీమేడ్ సెప్టిక్ ట్యాంక్ పెట్టించుకునేవాళ్లు జాగ్రత్త, సోక్ పిట్ లెక్క అడగకుండా అడ్వాన్స్ ఇవ్వకండి

సిమెంట్ రింగులతో ట్యాంక్, పక్కనే దాని నీళ్లు నేలలోకి ఇంకడానికి సోక్ పిట్, అన్నీ కలిపి ప్యాకేజీ అంటూ తిరిగే వాళ్లు మీకూ తెలిసే ఉంటారు. మా ఇంట్లో ఐదుగురం. అడ్డం మూడడుగుల రింగులతో రెండూ ఒకే సైజులో దించి వెళ్లారు. వానాకాలం రాకముందే బాత్రూమ్‌లో నీళ్లు ఎదురు తన్నాయి.

ఫోన్ చేస్తే ట్యాంక్ దించినతను వచ్చి మూత కూడా తీయలేదు. గుమ్మంలోనే నిలబడి, "మీ ఇంట్లో నీళ్లు ఎక్కువ వాడుతున్నారండీ, స్నానాలు తగ్గించుకోండి. అందరికీ ఇదే సైజు వేస్తాం, ఎవరూ ఏమీ అనలేదు" అన్నాడు. మా అమ్మ ఎదురుగా అన్నాడా మాట. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతోంది.

మూత నేనే తీయించాను. రాత్రంతా ఎవరూ నీళ్లు వాడకపోయినా, పొద్దున సోక్ పిట్‌లో నీళ్లు పైపు దాకా నిలిచే ఉన్నాయి. అంటే అడ్డు పడింది పైపులో కాదు, నేలే నీళ్లు పీల్చడం లేదు. పిట్ ఖాళీగా ఉండి ట్యాంక్ పొంగుతుంటే అప్పుడు పైపును అనుమానించాలి.

లెక్క చూడండి. మనిషికి రోజుకు 100 లీటర్లు అనుకున్నా ఐదుగురికి 500. పిట్ అడుగు మడ్డితో త్వరగా మూసుకుపోతుంది కాబట్టి పక్క గోడలనే లెక్కలోకి తీసుకోవాలి. 90 సెంటీమీటర్ల వ్యాసం, పైపు కింద మీటరున్నర లోతు అంటే గోడ దాదాపు 4 చదరపు మీటర్లు. మాది బంకమట్టి. అది చదరపు మీటరుకు రోజుకు సుమారు 10 లీటర్లే పీలుస్తుంది. 500 లీటర్లు వచ్చే చోట 40 లీటర్లు ఇంకే గుంట తవ్వి, స్నానాలు తగ్గించుకోమంటాడా? కాస్త గుల్లగా ఉండే గరప నేల 30 లీటర్ల దాకా తీసుకుంటుంది, అక్కడైనా 17 చదరపు మీటర్ల గోడ కావాలి.

ట్యాంకూ చిన్నదే. నీళ్లు రెండు రోజులు నిలవాలంటే 1000 లీటర్లు, రెండు మూడేళ్ల మడ్డికి ఇంకో ఏడెనిమిది వందలు. అతను ఇచ్చింది నాలుగడుగుల నీటి లోతుతో 800 మాత్రమే. మడ్డి కిందికి దిగేలోపే నీళ్లతో కొట్టుకుపోయి పిట్ గోడలకు పట్టేసింది.

కొనేముందు నేలను పరీక్షించమనండి. పిట్ వచ్చే చోట, ఆ లోతులో చిన్న గుంట తీసి, రాత్రంతా నానబెట్టి, మళ్లీ నీళ్లు పోసి రెండున్నర సెంటీమీటర్లు దిగడానికి ఎంతసేపు పడుతుందో చూడాలి. అరగంట దాటితే పిట్ వద్దు, పొడవాటి కందకం తవ్వాలి. గంట దాటితే అదీ పనిచేయదు, వేరే పద్ధతి చూడాలి. ట్యాంక్ ఎన్ని లీటర్లో, పిట్ గోడ ఎన్ని చదరపు మీటర్లో కాగితం మీద రాయించుకోండి. రాయనంటే ఆ మనిషిని గేటు దగ్గరే పంపించేయండి.