హిస్టరీ పేజీని నమ్మకండి: చాలాకాలంగా వాడుతున్న ఫోన్ వాలెట్‌పై సమీక్ష

రాయగడలో నేను, గుణుపురంలో మా బావ ఒకే వాలెట్ యాప్ వాడుతున్నాం. ఇద్దరిదీ విదేశాల వాళ్లకు వీడియోలు ఎడిట్ చేసే పని. డబ్బు బీఎన్‌బీ చైన్ అనే బ్లాక్‌చెయిన్ మీద, డాలర్ విలువకు కట్టిన క్రిప్టో టోకెన్ యూఎస్‌డీటీగా వస్తుంది. దాన్ని ఎక్స్ఛేంజ్‌లోని డిపాజిట్ అడ్రస్‌కు పంపి రూపాయలు చేసుకుంటాం. యాప్ తేలిగ్గా ఉంటుంది, ఫీజు ముందే చూపిస్తుంది, ఇన్నాళ్లలో పంపింది ఎక్కడా ఆగిపోలేదు. నాకున్న అభ్యంతరమల్లా హిస్టరీ పేజీ మీదే, అది చిన్నది కాదు.

ఒకసారి బావ 400 యూఎస్‌డీటీ పంపిన కొద్ది నిమిషాలకే హిస్టరీలో అతనికి సంబంధం లేని మూడు వరుసలు చేరాయి. కంగారుగా ఫోన్ చేశాడు: "ఒరే, నేనేం నొక్కలేదు. నా వాలెట్ నుంచే సున్నా వెళ్లినట్టుంది. ఎవడో లోపలికి దూరాడ్రా!"

ఎవరూ దూరలేదు. బావ పంపిన అడ్రస్ యాప్‌లో `0x7a3e…c91f` అని కనిపిస్తుంది. కొత్తగా చేరిన అడ్రస్ కూడా అచ్చం అలాగే కనిపిస్తోంది. నొక్కి పూర్తిగా తెరిస్తే ఒకటి `0x7a3e5b` అని మొదలవుతుంది, రెండోది `0x7a3ed2` అని. చివరి నాలుగు అక్షరాలు కలిశాయి, మధ్యలోది అంతా వేరు. అడ్రస్‌లో `0x` తర్వాత 40 అక్షరాలుంటాయి, ఒక్కో స్థానంలో 16 రకాలకు వీలుంది. ముందు నాలుగు, వెనక నాలుగు కలవాలంటే సగటున 429 కోట్ల అడ్రస్‌లు తయారుచేసి చూడాలి. మనిషికి అసాధ్యం గానీ, మంచి గ్రాఫిక్స్ కార్డుకు అదేమంత పని కాదు. చైన్ మీద ప్రతి చెల్లింపూ అందరికీ కనిపిస్తుంది కాబట్టి, మనం ఎవరికి పంపామో చూసి ఆ అడ్రస్‌కు కవలను తయారుచేసే ప్రోగ్రాములు తిరుగుతూనే ఉంటాయి. తర్వాతిసారి మనం హిస్టరీలోంచి ఆ కవలను కాపీ చేసి పంపితే డబ్బు దొంగకే చేరుతుంది.

ఆ మూడు వరుసలు మూడు రకాలు. మొదటిది ధూళి: కవల అడ్రస్ నుంచి నిజమైన యూఎస్‌డీటీయే, పైసల్లో లెక్కకు రానంత, బావకు వచ్చింది. రెండోది బావను భయపెట్టిన సున్నా. టోకెన్‌ను నడిపే ప్రోగ్రామును కాంట్రాక్ట్ అంటారు. అందులో ఒకరి అడ్రస్ నుంచి మరొకరికి టోకెన్లు కదిలించే `transferFrom`ను ఎవరైనా పిలవొచ్చు. మొత్తం సున్నా అయితే యజమాని అనుమతి కూడా అక్కర్లేదు, ఎందుకంటే ఇచ్చిన అనుమతి సున్నా, అడిగిందీ సున్నా. అందుకే సంతకం లేకుండానే "మీరు పంపారు" అని నమోదైంది. రహస్య కీ బయటపడిందని దీనర్థం కాదు.

మూడోదే అసలు ప్రమాదం. దొంగ తానే ఒక టోకెన్ సృష్టించి, దానికి యూఎస్‌డీటీ అని పేరు పెట్టి, బావ 400 పంపినట్టు రాయించాడు. పేరు అదే, మొత్తం అదే, అడ్రస్ చివరలు అవే. కాంట్రాక్ట్ చూస్తేనే తేడా తెలుస్తుంది. బీఎన్‌బీ చైన్ మీద అసలు యూఎస్‌డీటీ కాంట్రాక్ట్ ఇది:

```
0x55d398326f99059fF775485246999027B3197955
```

మా యాప్‌లో చిన్న మొత్తాలు దాచే స్విచ్ ఉంది. ఆన్ చేస్తే ధూళి, సున్నా పోయాయి. నకిలీ 400 మాత్రం అలాగే ఉంది, అది చిన్న మొత్తం కాదు మరి! తెలియని టోకెన్లు దాచే స్విచ్ వేరే మెనూలో ఉంది. అది ఆన్ చేస్తే గానీ మూడో వరుస పోలేదు. ఈ రెండూ మొదటినుంచే ఆన్‌లో ఉండాలని నేను గట్టిగా అంటాను. ఈథీరియం చైన్ లావాదేవీలు చూపించే ఈథర్‌స్కాన్ సైట్ 2023లోనే సున్నా బదిలీలను మనం అడగకుండానే దాచేయడం మొదలుపెట్టింది.

"ముందు కొంచెం పంపి చూసుకుంటే చాలు కదా" అని మా దగ్గర చాలామంది అంటారు. 2024 మేలో ఈథీరియం మీద ఒకరు అదే చేశారు. మొదట 0.05 ఈథర్ సరైన అడ్రస్‌కే వెళ్లింది. ఆ వెంటనే కవల అడ్రస్ హిస్టరీలో చేరింది. తర్వాత బిట్‌కాయిన్ విలువకు కట్టిన టోకెన్ డబ్ల్యూబీటీసీ 1155, అంటే అప్పట్లో సుమారు 6.8 కోట్ల డాలర్లు, దానికే వెళ్లిపోయాయి. అసలుది `0xd9A1b…53a91`, నకిలీది `0xd9A1C…53a91`. బేరమాడాక దొంగ చాలావరకు తిరిగిచ్చాడు గానీ, అందరికీ అలా జరగదు. పరీక్షగా పంపినప్పుడు ఏ అడ్రస్ వాడారో, పెద్ద మొత్తానికీ దాన్నే మూలం నుంచి మళ్లీ తీసుకోవాలి. లేకపోతే ఆ పరీక్ష దొంగకు కబురు పంపినట్టే అవుతుంది.

మా వైపు సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. ఎక్స్ఛేంజ్ పేజీ తెరుచుకోనప్పుడు చెయ్యి హిస్టరీలోని కాపీ బటన్ మీదకే పోతుంది. అందుకని సిగ్నల్ బాగున్న రోజున డిపాజిట్ అడ్రస్‌ను ఎక్స్ఛేంజ్ నుంచి తీసుకుని, మధ్యలో ఒక ఆరు అక్షరాలు కూడా సరిచూసి, యాప్‌లోని అడ్రస్ బుక్‌లో పేరు పెట్టి దాచుకున్నాం. పంపేటప్పుడు ఆ పేరునే ఎంచుకుంటాం. బావ ఫోన్‌లో కూడా నేనే దగ్గరుండి చేయించాను.

అడ్రస్ బుక్ బాగానే పనిచేస్తోంది కాబట్టి యాప్ మార్చలేదు. హిస్టరీలో పూర్తి అడ్రస్ చూపించి, మనం సంతకం చేయని వరుసల దగ్గర కాపీ బటన్ తీసేసేదాకా మాత్రం అయిదుకి మూడు నక్షత్రాలే ఇస్తాను.