డబ్బా ముందు క్రియాటిన్, వెనుక డెక్స్‌ట్రోజ్: కొనబోయేవారికి హెచ్చరిక

నలభై దాటి, రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేస్తూ, పొట్ట తగ్గించి కండ పెంచుకోవాలని ఇప్పుడే బరువులు ఎత్తడం మొదలుపెట్టిన వారి కోసం ఇది రాస్తున్నాను. మా వీధిలోని సప్లిమెంట్ల దుకాణంలో "నలభై పైబడినవారికి ప్రత్యేకం, కొవ్వు కరిగిస్తుంది" అని చెప్పి నాకు అంటగట్టిన, బరువులెత్తేవారు వాడే క్రియాటిన్ పొడి డబ్బా ఖరీదు 1,500 రూపాయలు, బరువు 300 గ్రాములు.

ఇంటికి వచ్చి వెనుక లేబుల్ చదివితే, 10 గ్రాముల స్కూపులో "క్రియాటిన్ మ్యాట్రిక్స్" 3 గ్రాములే ఉంది. పదార్థాల జాబితాను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు కదా, అందులో మొదటి పేరు డెక్స్‌ట్రోజ్, అంటే చక్కెర. ఆ మ్యాట్రిక్స్‌లో క్రియాటిన్ రకాలైన మోనోహైడ్రేట్ ఎంతో, ఇథైల్ ఎస్టర్ ఎంతో విడిగా రాయలేదు. ఈ ఇథైల్ ఎస్టర్‌లో చాలా భాగం కండరానికి చేరకముందే క్రియాటినిన్ అనే వ్యర్థంగా మారిపోతుంది. చల్లటి నీళ్లలో కలిపితే పొడి క్షణంలో కరిగి షర్బత్‌లా తియ్యగా ఉంది. రుచి కలపని మోనోహైడ్రేట్ అయితే దాదాపు చప్పగా ఉండి, కొంత గ్లాసు అడుగున సన్నని ఇసుకలా మిగులుతుంది.

రోజుకు కావలసింది 3 నుంచి 5 గ్రాముల మోనోహైడ్రేట్. మొత్తం డబ్బాలో క్రియాటిన్ 90 గ్రాములే కనుక, 5 గ్రాముల చొప్పున అది 18 రోజులకే అయిపోతుంది. అదే 900 రూపాయలకు దొరికే 250 గ్రాముల సాదా మోనోహైడ్రేట్ 50 రోజులు వస్తుంది. డబ్బా మీద రాసినట్టు మొదటి వారం రోజుకు నాలుగు స్కూపులు వేసుకోవలసిన అవసరం కూడా లేదు. రోజూ కొద్దిగా తీసుకున్నా మూడు నాలుగు వారాల్లో కండరాల్లో క్రియాటిన్ నిండుతుంది. ఆ నాలుగు స్కూపుల సలహా వల్ల డబ్బా త్వరగా ఖాళీ అవుతుందన్నది మాత్రం నిజం.

కొవ్వు కరిగిస్తుందన్న మాట మరీ అన్యాయం. క్రియాటిన్ సెట్టులో మరొకటో రెండో రెప్స్ చేయడానికి సాయపడుతుందే గాని, దానంతట అది కొవ్వును కరిగించదు. పైగా కండరాల్లోకి నీరు చేరి తొలి వారాల్లో బరువు కిలో దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పెరగవచ్చు. కాబట్టి తూకాన్ని కాక, బొడ్డు దగ్గర టేపుతో తీసిన కొలతను చూసుకోండి.

దుకాణదారు చెప్పని విషయం మరొకటి ఉంది. ఆఫీసు వార్షిక ఆరోగ్య పరీక్షలో క్రియాటినిన్ కాస్త ఎక్కువగా కనిపించవచ్చు. మూత్రపిండాలు బాగున్నా ఇలా జరుగుతుంది కనుక, పొడి వాడుతున్నట్టు డాక్టరుకు ముందే చెప్పండి. సందేహం ఉంటే ఆయన మూత్రపిండాల పనితీరు చూసే సిస్టాటిన్ సి పరీక్ష రాయగలరు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, షుగర్ లేదా బీపీ మందులు వాడేవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు.

సీలు తెరిచారంటూ నా డబ్బాను వాపసు తీసుకోలేదు. కనుక డబ్బు చెల్లించకముందే దుకాణంలో వెనుక లేబుల్ చదవండి: పదార్థాల్లో క్రియాటిన్ మోనోహైడ్రేట్ ఒక్కటే ఉండాలి, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల లైసెన్సు నంబరు కనిపించాలి.